నోటీసుకు జవాబిచ్చే ముందు అధికారి ఆధారపడిన స్టేట్‌మెంట్ల కాపీలు అడగడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ ప్రశ్నలు ఎలాంటి నోటీసు గురించి?

ఎప్పుడో దాఖలు చేసిన రిటర్నును ఆదాయపు పన్ను శాఖ మళ్లీ తెరవబోతూ, సెక్షన్ 148ఏ కింద పంపే షోకాజ్ నోటీసు గురించి. అందులోనూ ఒక్క రకమే తీసుకున్నాం. మీకు సరుకు అమ్మిన వ్యాపారి ఎక్కడో, ఎవరి ముందో "నేను సరుకు పంపలేదు, ఉత్త బిల్లులే ఇచ్చాను" అని చెప్పి ఉంటాడు. ఆ మాట పట్టుకుని మీ కొనుగోళ్లు బూటకమని శాఖ అంటుంది. ఆ మాటను మీరు కళ్లతో చూసి ఉండరు, జవాబు మాత్రం వారం రోజుల్లో ఇవ్వాలి.

ఇక్కడి సెక్షన్ నంబర్లన్నీ 1961 నాటి చట్టానివి. 2026 ఏప్రిల్ 1 నుంచి వర్తించే 2025 నాటి చట్టంలో నంబర్లు మారాయి కాబట్టి, మీ ఉత్తరంలో మాత్రం మీ నోటీసు మీద అచ్చైన నంబరే రాయండి.

ముందుకు సాగడానికి ఒక ఉదాహరణ పెట్టుకుందాం. ఒక ఇనుము వ్యాపారి 2020-21 ఆర్థిక సంవత్సరంలో ఒక సప్లయర్ దగ్గర ఏడు బిల్లుల మీద సరుకు కొన్నాడు. సరుకు విలువ 15,60,000 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ 2,80,800, మొత్తం 18,40,800. డబ్బంతా బ్యాంకు ద్వారానే వెళ్లింది. 2025 మార్చి 12న నోటీసు వచ్చింది, జవాబుకు మార్చి 20 వరకు గడువు. "సర్వేలో సదరు సప్లయర్ బూటకపు బిల్లులు ఇచ్చినట్టు అంగీకరించాడు, మీరు 18,40,800 మేర లబ్ధి పొందారు" అన్నది నోటీసు సారాంశం; సర్వే అంటే అధికారులు వ్యాపార స్థలానికి వచ్చి చేసే తనిఖీ. ఆ మొత్తాన్ని సెక్షన్ 69సీ కింద లెక్క తేలని ఖర్చుగా పట్టుకుంటే 115బీబీఈ కింద 60 శాతం పన్ను, దాని మీద 25 శాతం సర్‌చార్జి, 4 శాతం సెస్సు కలిసి 78 శాతమవుతుంది. అంటే వడ్డీ, పెనాల్టీ పక్కన పెట్టినా 14,35,824 రూపాయలు.

నోటీసుతోపాటే సమాచారం జత చేయాలి కదా? మళ్లీ అడగడమెందుకు?

జత చేయాలి, నిజమే. 2024 సెప్టెంబర్ 1 నుంచి అమలైన 148ఏ(1)లో, ఆదాయం తప్పించుకుందని సూచించే సమాచారాన్ని నోటీసుతో జత చేయాలని స్పష్టంగానే ఉంది. కానీ జతగా వచ్చేది చాలాసార్లు సమాచారపు సారాంశమే. పోర్టల్ నుంచి తీసిన ఒక పట్టికలో మీ పాన్, సప్లయర్ పాన్, మొత్తం ఉంటాయి, కింద దర్యాప్తు విభాగం రాసిన నాలుగు వాక్యాలుంటాయి. "స్టేట్‌మెంట్‌లో అంగీకరించాడు" అని ఆ నాలుగు వాక్యాల్లో ఉంటుంది గానీ స్టేట్‌మెంట్ ఉండదు.

ఈ తేడా చిన్నది కాదు. అంగీకరించాడన్నది చదివినవాడి అభిప్రాయం. అసలు ఏ ప్రశ్నకు, ఏ సంవత్సరం గురించి, ఎవరెవరి పేర్లతో చెప్పాడన్నది స్టేట్‌మెంట్ చూస్తేనే తెలుస్తుంది. అవి తెలియకుండా రాసే జవాబు ఎదుటివాడి సారాంశానికి మన సారాంశం అవుతుందంతే.

ఇవ్వాలని చట్టంలో ఉందా, లేక ఇస్తే ఇచ్చినట్టా?

రెండు దశల్ని వేరుగా చూస్తేనే దీనికి సరైన జవాబు దొరుకుతుంది.

మొదటిది 148ఏ దశ. ఇక్కడ తేలేది కేసు తెరవాలా వద్దా అన్నదే. ఈ దశలో మీకు రావలసింది అధికారి చేతిలో ఉన్న సమాచారం, దానికి ఆధారమైన మెటీరియల్. 2022 మే 4న ఆశీష్ అగర్వాల్ కేసులో సుప్రీంకోర్టు పాత పద్ధతిలో ఇచ్చిన నోటీసుల్ని అప్పటి 148ఏ(బి) నోటీసులుగా పరిగణించినప్పుడు, అధికారులు ఆధారపడిన సమాచారాన్నీ మెటీరియల్‌నూ 30 రోజుల్లో ఇవ్వాలనీ, ఆ తర్వాత జవాబుకు రెండు వారాలు ఇవ్వాలనీ చెప్పింది. మీ ఉత్తరంలో ఎత్తి చూపడానికి పనికొచ్చే తీర్పు ఇది.

రెండోది, కేసు తెరుస్తున్నామని చెప్పే 148 నోటీసు వచ్చాక జరిగే అసలు అసెస్‌మెంట్. పన్ను వేయడానికి మీకు వ్యతిరేకంగా ఏది వాడబోతున్నారో అదంతా ఇక్కడ మీకు చూపించాలి. విచారణలో సేకరించినదాన్ని వాడే ముందు మీ వాదన వినాలని 142(3) చెబుతోంది. కిషిన్‌చంద్ చెల్లారాం కేసు (ఐటీఆర్ అనే తీర్పుల సంకలనంలో 125వ సంపుటం, 713వ పేజీ) దీనికి పునాది లాంటిది. మద్రాసు నుంచి బొంబాయికి పంపిన 1,07,350 రూపాయలు ఆ సంస్థవేనని బ్యాంకు మేనేజరు రాసిన ఉత్తరాల ఆధారంగా తేల్చారు, ఆ ఉత్తరాల్ని మాత్రం సమయానికి సంస్థకు చూపించలేదు. చూపించి ఖండించే అవకాశం ఇవ్వనిదాన్ని సాక్ష్యంగా వాడకూడదని సుప్రీంకోర్టు 1980లో చెప్పింది.

142(3)లో ఒక మినహాయింపు ఉందని గమనించండి. సెక్షన్ 144 కింద, అంటే మీరు స్పందించనందువల్ల జరిగే ఏకపక్ష అసెస్‌మెంట్‌కు అది వర్తించదు. కాబట్టి "కాపీలు ఇవ్వలేదు గనక జవాబివ్వను" అని కూర్చుంటే, ఏ సెక్షన్ అండ కోరుతున్నారో దాన్నే పోగొట్టుకుంటారు.

ఎన్ని రోజుల్లో అడగాలి?

నోటీసు చూసిన మర్నాడే అడగండి. పాత 148ఏ(బి)లో కనీసం 7 రోజులు, గరిష్ఠంగా 30 రోజులు అని గడువు ఉండేది. ఇప్పటి సెక్షన్‌లో ఆ కనీస గడువు లేదు, నోటీసులో రాసిన తేదీయే గడువు. దీనికి తోడు ఇలాంటి నోటీసులు మార్చిలో ఎక్కువగా వస్తాయి. తప్పించుకుందంటున్న ఆదాయం 50 లక్షల లోపైతే, అసెస్‌మెంట్ సంవత్సరం ముగిసిన మూడేళ్లలోపే 148ఏ నోటీసు ఇవ్వాలి. మన ఉదాహరణలో 2020-21 ఆర్థిక సంవత్సరానికి అసెస్‌మెంట్ సంవత్సరం 2021-22, అది ముగిసింది 2022 మార్చి 31న. అందుకే శాఖకు 2025 మార్చి 31 ఆఖరి రోజు. 148 నోటీసుకు ఇంకో మూడు నెలలు, అంటే జూన్ 30 వరకు వీలుంటుంది. "గడువు అయిపోతోంది, వాయిదా ఇవ్వలేం" అని అధికారి అంటే, ఆ మూడు నెలల సంగతి మర్యాదగా గుర్తు చేయవచ్చు.

చివరి రోజు సాయంత్రం కాపీలు అడిగితే అది కాలయాపనలా కనిపిస్తుంది. రెండో రోజున అడిగితే ఇవ్వకపోవడం అవతలివాళ్ల లోపంగా రికార్డులో నిలుస్తుంది.

ఉత్తరంలో ఏమని రాయాలి?

"మీ దగ్గరున్న పత్రాలన్నీ ఇవ్వండి" అని మాత్రం రాయకండి. ఎక్కువ మంది చేసే పొరపాటు ఇదే. అన్నీ అంటే ఏవో ఎవరికీ తెలియదు, "ఆధారపడినవి నోటీసుతోనే ఇచ్చాం" అని ఒక్క వాక్యంతో తోసేయడానికి దారి ఇచ్చినట్టవుతుంది. అధికారి సేకరించిన ప్రతిదీ మీకు రాదు కూడా. మీ మీద వాడుతున్నదే వస్తుంది. కాబట్టి నోటీసును చేతిలో పెట్టుకుని, అందులో అధికారి తానే ప్రస్తావించిన ప్రతి కాగితాన్నీ పేరా నంబరుతో సహా అడగండి. మన వ్యాపారి మార్చి 13న పంపిన ఉత్తరం ఇలా ఉంటుంది. పోర్టల్‌లో పెట్టేటప్పుడు దీన్ని ఇంగ్లీషులో పెట్టడం మేలు, ఎందుకంటే తర్వాతి దశలో ఫైలు ఏ రాష్ట్రంలోని యూనిట్ చేతికి వెళ్తుందో తెలియదు.

> విషయం: 2021-22 అసెస్‌మెంట్ సంవత్సరం, 12-03-2025 నాటి 148ఏ(1) నోటీసు, దాని మీదున్న డిన్ అనే గుర్తింపు నంబరు, ఆధారపడిన మెటీరియల్ కాపీలు కోరడం.
>
> పై నోటీసు 3వ పేరాలో సప్లయర్ ఇచ్చిన స్టేట్‌మెంట్‌ను ప్రస్తావించారు. దాని కాపీ జత చేయలేదు. కింది వాటి కాపీలు ఇప్పించగలరు.
>
> 1. సదరు స్టేట్‌మెంట్ పూర్తి పాఠం, ప్రశ్నలతో సహా. ఏ తేదీన, ఏ సెక్షన్ కింద, ఏ అధికారి నమోదు చేశారో తెలిసేలా. తర్వాత దాన్ని ఉపసంహరించుకుని ఉంటే ఆ కాగితం కూడా.
> 2. 4వ పేరాలో చెప్పిన దర్యాప్తు నివేదికలో నాకు సంబంధించిన భాగం.
> 3. 18,40,800 రూపాయల మొత్తానికి బిల్లుల వారీ వివరం.
> 4. బ్యాంకు ద్వారా చెల్లించిన డబ్బును నేను తిరిగి నగదుగా తీసుకున్నట్టు ఆరోపణ ఉంటే దానికి ఆధారం.
>
> ఇతరుల వివరాలు ఉన్నచోట వాటిని కప్పి ఇవ్వడానికి నాకు అభ్యంతరం లేదు. పైవాటిలో ఏదైనా మీ వద్ద లేకపోతే, లేదని రాతపూర్వకంగా తెలపగలరు. ఆరోపణను నిరాకరిస్తున్నాను. కాపీలు అందాక జవాబివ్వడానికి 7 రోజుల గడువు కోరుతున్నాను.

ఈ ఉత్తరంలో బరువైన వాక్యం "లేకపోతే లేదని తెలపగలరు" అన్నది. సారాంశం తప్ప స్టేట్‌మెంట్ అధికారి దగ్గర కూడా ఉండకపోవచ్చు. ఆ సంగతి రాతలోకి వస్తే, తాను చూడనిదాని మీద నిర్ణయానికి వచ్చారని వాదించడానికి ఆధారం దొరుకుతుంది. జవాబే రాకపోయినా, అడిగిన సంగతి నిలిచి ఉంటుంది.

పోర్టల్‌లో ఇది ఎక్కడ పెట్టాలి?

incometax.gov.in లో లాగిన్ అయ్యి Pending Actions కింద e-Proceedings తెరిస్తే నోటీసు కనిపిస్తుంది. Submit Response నొక్కాక Partial Response, Full Response అని రెండు ఎంపికలు వస్తాయి. కాపీలు అడిగే ఉత్తరాన్ని Partial Response గానే పెట్టండి. Full Response నొక్కితే మీరు చెప్పదలచుకున్నది అయిపోయిందని అర్థం. తర్వాత అసలు జవాబు పెట్టే వీలు లేక అవస్థపడే వాళ్లున్నారు. గడువు పెంపును అదే నోటీసు దగ్గరున్న వాయిదా ఎంపికలో విడిగా కూడా కోరండి. ఉత్తరంలో కోరినది ఒక్కోసారి ఎవరూ చదవరు, వాయిదా విన్నపం మాత్రం విడిగా నమోదవుతుంది.

ఒక్కో ఫైలు 5 ఎంబీ దాటకూడదు. సమర్పించాక వచ్చే రసీదును, తేదీ కనిపించేలా, పీడీఎఫ్‌గా దాచుకోండి. అధికారికి మెయిలు కూడా పంపవచ్చు గానీ మెయిలు ఒక్కటే సరిపోదు. రేపు అప్పీలులో చూసేది పోర్టల్ రికార్డే.

కాపీలు వచ్చేదాకా జవాబు ఆపవచ్చా?

ఆపకండి. గడువు పొడిగించినట్టు పోర్టల్‌లో కనిపిస్తే సరే. కనిపించకపోతే, నోటీసులోని తేదీ లోపు "కాపీలు ఇంకా అందలేదు, ఉన్న వివరాలతో ప్రాథమిక జవాబు ఇస్తున్నాను, కాపీలు అందాక అదనపు జవాబు ఇచ్చే హక్కు నాకుంది" అని రాసి, చేతిలో ఉన్న ఆధారాలు పెట్టేయండి. కొనుగోళ్ల కేసులో అవి బిల్లులు, ఈ-వే బిల్లులు, లారీ రసీదులు, కాటా చీటీలు, బ్యాంకు స్టేట్‌మెంట్, స్టాకు రిజిస్టరు. అన్నిటికన్నా ముఖ్యంగా, ఆ సరుకును తిరిగి ఎవరికి అమ్మారో చూపే అమ్మకపు బిల్లులు. బిల్లూ బ్యాంకు చెల్లింపూ మాత్రమే చూపిస్తే "బూటకపు బిల్లులకూ అవి ఉంటాయి" అంటారు, ఆ మాటలో నిజం లేకపోలేదు. సరుకు కదిలిన జాడ చూపించాలి.

స్టేట్‌మెంట్ కాపీ వచ్చింది. ఏం చూడాలి?

మన వ్యాపారికి మార్చి 17న రెండు పేజీలు వచ్చాయనుకుందాం. 11 నుంచి 14 వరకు ప్రశ్నలూ జవాబులూ, జతగా ఒక పట్టిక. వీటిని తొందరపడకుండా చదవాలి.

మొదట, ఏ సెక్షన్ కింద తీసుకున్నారో చూడండి. సెక్షన్ 131 కింద గానీ, సోదాల్లో 132(4) కింద గానీ తీసుకున్నది ప్రమాణం చేయించి తీసుకున్న వాంగ్మూలం. 133ఏ సర్వేలో ప్రమాణం చేయించే అధికారం లేదు. సర్వేలో చెప్పిన మాటకు దానంతటదిగా సాక్ష్యపు విలువ లేదని ఎస్. ఖాదర్ ఖాన్ సన్ కేసులో మద్రాసు హైకోర్టు చెప్పింది, సుప్రీంకోర్టు దాన్ని నిలబెట్టింది. మన వ్యాపారికి వచ్చింది సర్వే స్టేట్‌మెంటే. కనుక దానికి తోడుగా ఇంకేం ఉందని అధికారిని అడగవచ్చు.

తర్వాత పేరు. స్టేట్‌మెంట్‌లో మీ పేరు గానీ సంస్థ పేరు గానీ ఉందా, లేక "చాలా మందికి ఇచ్చాను" అని మాత్రమే ఉందా? ఇక్కడ పేరు లేదు. పేరు ఉన్నది పట్టికలోనే. ఆ పట్టిక సప్లయర్ ఇచ్చాడా, లేక అతని అమ్మకాల జీఎస్టీ రిటర్నుల నుంచి దర్యాప్తు విభాగం తయారు చేసిందా అన్నది స్టేట్‌మెంట్‌లో లేదు. రిటర్నుల నుంచి తీసినదైతే అందులో అతని కొనుగోలుదారులందరూ ఉంటారు. నిజంగా సరుకు తీసుకున్నవాళ్లూ అందులోనే ఉంటారు.

మూడోది సంవత్సరం, ఇక్కడ జాగ్రత్త అవసరం. 12వ జవాబులో "2021-22 నుంచి ఇలా బిల్లులు ఇస్తున్నాను" అని ఉంది. మన వ్యాపారి కొన్నది 2020-21 ఆర్థిక సంవత్సరంలో. చూడగానే గెలిచినట్టే అనిపిస్తుంది. కానీ 2021-22 అన్నది అసెస్‌మెంట్ సంవత్సరమైతే అది సరిగ్గా మన వ్యాపారి కొన్న సంవత్సరమే. ఏ అర్థంలో చెప్పాడో 12వ ప్రశ్న పూర్తి పాఠంలోనో, అంతకు ముందు ప్రశ్నల్లోనో ఉంటుంది. అందుకే 1 నుంచి 10 వరకు ప్రశ్నలు కూడా కావాలని, కారణం చెప్పి మళ్లీ అడగాలి. "పూర్తిగా ఇవ్వలేదు" అనే ఉత్త ఫిర్యాదు కంటే "12వ జవాబులోని సంవత్సరం తేలడానికి ముందు ప్రశ్నలు కావాలి" అనే విన్నపాన్ని తోసేయడం కష్టం.

చివరగా మొత్తం. పట్టికలో ఉన్నది జీఎస్టీతో కలిపిన 18,40,800. లాభనష్టాల ఖాతాలో ఖర్చుగా రాసింది 15,60,000 మాత్రమే, మిగతా 2,80,800 ఇన్‌పుట్ క్రెడిట్‌గా వెళ్లింది, ఖర్చు కింద చూపలేదు. అన్ని వాదనలూ వీగిపోయినా ఆ 2,80,800 ఖర్చుల్లో లేదని చూపించవచ్చు. 78 శాతం లెక్కన దాని మీద పన్నే 2,19,024 రూపాయలు. బిల్లుల వారీ వివరం అడగకపోతే ఈ తేడా బయటపడేది కాదు.

సగం నల్లగా కొట్టేసిన కాపీ ఇచ్చారు. ఒప్పుకోవాలా?

ఇతరుల పేర్లు, ఖాతా నంబర్లు కప్పితే ఒప్పుకోండి, దాని మీద గొడవ దండగ. ప్రశ్నను కప్పి జవాబు ఇచ్చినా, జవాబు మధ్యలో తెగిపోయినా, తేదీ, సెక్షన్, సంతకాల పేజీ లేకపోయినా అభ్యంతరం చెప్పండి. ఏ పేజీలో ఏ వరుస దగ్గర తెగిందో రాసి చెప్పండి.

స్టేట్‌మెంట్ ఇచ్చిన వ్యక్తిని ప్రశ్నించే అవకాశం ఇప్పుడే అడగాలా?

148ఏ దశలో అడిగితే సాధారణంగా ఇవ్వరు, అది అసెస్‌మెంట్‌లో చూసుకోవాల్సిన విషయమంటారు. అయినా "తర్వాతి దశలో కోరతాను" అని ఒక వాక్యం ఇప్పుడే రాసి ఉంచడం మంచిది. 148 నోటీసు వచ్చాక, వివరాలు కోరుతూ వచ్చే 142(1) నోటీసుకు ఇచ్చే మొదటి జవాబులోనే స్పష్టంగా కోరండి. ఆర్డరుకు ముందు వచ్చే షోకాజ్ దాకా ఆగితే గడువు ముంచుకొస్తోందని తోసేస్తారు. అధికారి ఎదుట హాజరు కాకుండా ఆన్‌లైన్‌లో సాగే ఫేస్‌లెస్ విధానంలో ఇది వీడియో కాన్ఫరెన్సు ద్వారానే జరగాలి.

ఊరికే "క్రాస్ ఎగ్జామినేషన్ కావాలి" అనకుండా ఏ జవాబు మీద, ఏం తేల్చడానికో రాయండి. మన కేసులో అవి మూడు: 12వ జవాబులోని సంవత్సరం, పట్టిక ఎవరు తయారు చేశారన్నది, ఏడు ఈ-వే బిల్లుల సరుకు ఎక్కడి నుంచి బయల్దేరిందన్నది. సాక్షుల మాటే ఆర్డరుకు ఆధారమైనప్పుడు వాళ్లను ప్రశ్నించే అవకాశం ఇవ్వకపోవడం ఆర్డరునే దెబ్బతీసే లోపమని ఆండమాన్ టింబర్ కేసులో సుప్రీంకోర్టు 2015లో చెప్పింది. అది ఎక్సైజ్ కేసే అయినా ఆదాయపు పన్ను వివాదాల్లో దాన్ని తరచూ ఉదహరిస్తారు. అయితే దాన్ని సర్వరోగ నివారిణి అనుకోవద్దు. పిరై చూడి కేసులో (334 ఐటీఆర్ 262), ఈ కారణంతో అసెస్‌మెంట్ మొత్తాన్ని కొట్టేయకుండా అవకాశమిచ్చి మళ్లీ చేయమని పంపి ఉండాల్సిందని అదే సుప్రీంకోర్టు అంది. స్టేట్‌మెంట్ కాక వేరే గట్టి ఆధారం ఉన్నచోట ఈ వాదన ఇంకా పలచబడుతుంది.

సమాచార హక్కు కింద అడిగితే రాదా?

మామూలు గడువే 30 రోజులు. అప్పటికి జవాబు తేదీ దాటిపోతుంది. దర్యాప్తు పేరుతోనో, మూడో వ్యక్తి సమాచారమనో తిరస్కరించే అవకాశమూ ఎక్కువే. పోర్టల్‌లో పెట్టే విన్నపానికి ఇది ప్రత్యామ్నాయం కాదు.

కాపీలు ఇవ్వకుండానే ఆర్డరు వేశారు. ఇప్పుడు?

వేసింది ఏ ఆర్డరో ముందు చూడండి. కేసు తెరవాలా వద్దా అని తేల్చే 148ఏ(3) ఆర్డరైతే దాని మీద కమిషనర్ అప్పీళ్ల ముందు అప్పీలు లేదు, హైకోర్టులో రిట్ ఒక్కటే దారి. నోటీసుతో సమాచారమే జత చేయలేదు, అడిగినా ఇవ్వలేదు అన్నప్పుడు ఆ దారి ఆలోచించదగినదే. సమాచారం ఇచ్చి పూర్తి స్టేట్‌మెంట్ మాత్రం ఇవ్వకపోతే, అసెస్‌మెంట్‌లో తేల్చుకోమని కోర్టు పంపేయవచ్చు. అలాంటప్పుడు ఖర్చు పెట్టడం కంటే, 148 నోటీసుకు రిటర్ను వేసి, అదే జాబితాతో మళ్లీ కాపీలు అడగడం మేలు.

అసెస్‌మెంట్ ఆర్డరే వచ్చేస్తే 30 రోజుల్లో ఫారం 35లో అప్పీలు వేయాలి. అందులో "సహజ న్యాయం పాటించలేదు" అని ఒక్క ముక్క రాసి వదిలేయకండి. ఏ తేదీన ఏమేం అడిగారో, ఏది ఇచ్చారో, ఏది ఇవ్వలేదో, ఇవ్వని కాగితాన్ని ఆర్డరులో ఏ పేరాలో వాడారో పక్కపక్కన పట్టికగా పెట్టి, పోర్టల్ రసీదులు జత చేయండి. స్టేట్‌మెంట్‌లోని వాక్యాల్ని అధికారి ఆర్డరులోనే ఎత్తి రాసి ఉంటే, ఆ కాపీని మీకు ఎందుకివ్వలేదన్న ప్రశ్నకు ఆయన ఆర్డరే మీ సాక్ష్యం.